మిగులు వేరు, మొండితనం వేరు: మెత్తని అయస్కాంతాలూ గట్టి అయస్కాంతాలూ

ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌లో వాడే సిలికాన్ ఉక్కు రేకులను కొసలు కలిసిపోయేలా చట్రంగా పేర్చి, తీగ చుట్టి, నిండా కరెంటు పంపి ఆపేశామనుకోండి. చట్రం మూసుకుని ఉన్నంతసేపు ఆ ఉక్కులో దాదాపు 1.5 టెస్లాల అయస్కాంతత్వం మిగిలే ఉంటుంది. ఎలక్ట్రిక్ స్కూటర్ మోటారులో ఉండే నియోడిమియం అయస్కాంతంలో మిగిలేది 1.2 నుంచి 1.4 టెస్లాలు. అంటే మిగులు లెక్కలో గెలిచేది ట్రాన్స్‌ఫార్మర్ రేకే. అయినా అందులోంచి ఒక రేకును ఊడదీసి మేకు దగ్గర పెడితే పట్టు ఉండీ లేనట్టే ఉంటుంది. నియోడిమియం ముక్క మాత్రం వేలు నలిగేంత గట్టిగా అతుక్కుంటుంది.

మెత్తని అయస్కాంత పదార్థాల్లో మిగులు తక్కువనీ, గట్టివాటిలో ఎక్కువనీ పాఠాల్లో చెప్పడం మామూలే. పరీక్షకు అది చాలవచ్చు గానీ, పైన చెప్పిన సంగతిని అది వివరించలేదు. కరెంటు ఆపేశాక మిగిలిన అయస్కాంతత్వాన్ని రెమనెన్స్ అంటారు. దాన్ని తుడిచేయడానికి ఎదురుగా ఎంత క్షేత్రం పెట్టాలో చెప్పే కొలత కోయెర్సివిటీ. రెమనెన్స్ మిగులు, కోయెర్సివిటీ మొండితనం. మెత్తన, గట్టి అనే విభజన నిలిచేది రెండోదాని మీద. ట్రాన్స్‌ఫార్మర్ రేకు కోయెర్సివిటీ మీటరుకు 8 ఆంపియర్ల లెక్కలో ఉంటుంది. నియోడిమియానిది మీటరుకు 9 లక్షల ఆంపియర్ల పైమాటే. మన ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రమే మీటరుకు 33 ఆంపియర్ల దాకా ఉంటుంది. అంటే ఆ రేకును మెదిలించడానికి భూమి క్షేత్రంలో నాలుగోవంతు చాలు. రెండూ ప్రధానంగా ఇనుముతో చేసినవే. మరి లక్ష రెట్ల తేడా ఎక్కడ పుట్టింది?

జవాబు కోసం పదార్థం లోపలికి వెళ్లాలి. ఇనుములో పక్కపక్క పరమాణువుల అయస్కాంత దిశలు తమంతట తామే ఒకే వైపు తిరిగి ఉంటాయి. బయటి నుంచి ఏ క్షేత్రమూ అక్కర్లేదు. 770 డిగ్రీల సెల్సియస్ దాటితే తప్ప ఆ వరుస చెదరదు. అలాగైతే కొట్టులో కొన్న ప్రతి మేకూ 2.15 టెస్లాల అయస్కాంతమై ఉండాలి. ఎందుకు కాదో 1907లో పియర్ వైస్ ఊహించాడు. మేకు లోపల చిన్న చిన్న మండలాలున్నాయి, ఒక్కో మండలంలో పరమాణువులన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉన్నా, మండలానికీ మండలానికీ దిక్కు వేరు, మొత్తం మీద అవి ఒకదాన్నొకటి కొట్టివేసుకుంటాయి అన్నాడు. వీటినే డొమైన్లు అంటున్నాం. 1931లో ఫ్రాన్సిస్ బిట్టర్ నునుపు చేసిన లోహం మీద సన్నని అయస్కాంత పొడి చల్లి, డొమైన్ల సరిహద్దుల్లో ఆ పొడి గీతలు కట్టడం కళ్లకు చూపించాడు. అసలు లోహం ఇలా ఎందుకు విడిపోతుందనే ప్రశ్నకు 1935లో లాండావ్, లిఫ్‌షిట్జ్ జవాబు చెప్పారు. ముక్కంతా ఒకే దిక్కుకు అయస్కాంతమైతే దాని చుట్టూ గాలిలో పెద్ద క్షేత్రం ఏర్పడుతుంది. ఆ క్షేత్రాన్ని నిలబెట్టడానికి శక్తి కావాలి. ఎదురెదురు దిక్కుల డొమైన్లుగా విడిపోతే ఆ ఖర్చు తప్పుతుంది.

కానీ రెండు డొమైన్ల మధ్య గోడకూ ఖర్చుంది. గోడ లోపల పరమాణువుల దిశ ఒక వైపు నుంచి ఎదుటి వైపుకు మెల్లమెల్లగా తిరుగుతుంది. గోడ మందంగా ఉంటే పక్క పరమాణువుల మధ్య తేడా తక్కువ కాబట్టి వాటికి హాయి. అయితే స్ఫటికానికి తనకంటూ ఇష్టమైన దిక్కులుంటాయి. మందమైన గోడలో ఎక్కువ పరమాణువులు ఆ ఇష్టమైన దిక్కు వదిలి పక్కకు తిరగాల్సి వస్తుంది. ఈ రెండింటి బేరంలో గోడ మందం తేలుతుంది. ఇనుములో ఆ మందం సుమారు 60 నానోమీటర్లు, రెండు వందల పైచిలుకు పరమాణువుల వరస. నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిసిన స్ఫటికానికి తన దిక్కు మీద పట్టు ఇనుముకన్నా వంద రెట్లు ఎక్కువ. అందుకే అందులో గోడ 4 నానోమీటర్లకు కుంచించుకుపోతుంది.

ఇక క్షేత్రం పెడితే ఏం జరుగుతుందో చూద్దాం. క్షేత్రం దిక్కుకు తిరిగి ఉన్న డొమైన్లు పెరుగుతాయి, ఎదురువి తగ్గుతాయి. పరమాణువులు ఉన్నచోటే ఉంటాయి, కదిలేది గోడ మాత్రమే. దారిలో ఒక కార్బైడ్ రేణువో, చిన్న ఖాళీయో, లోహంలో మిగిలిన ఒత్తిడో తగిలితే గోడ అక్కడ చిక్కుకుంటుంది. తుమ్మకంప మీద పడ్డ చీరను లాగినట్టే. కాసేపు సాగుతుంది, ముల్లు వదలగానే ఒక్కసారిగా జారి తరువాతి ముల్లు దాకా పోతుంది. 1919లో హైన్రిష్ బార్క్‌హౌజెన్ ఇనుముకు తీగచుట్ట చుట్టి, అందులో వచ్చే సంకేతాన్ని పెద్దది చేసి వింటే ఈ జారుళ్లు చిటపటలుగా వినిపించాయి. జారిన ప్రతిసారీ గోడలో పోగైన శక్తి కొంత వేడిగా మారుతుంది. ఆ వేడి తిరిగి రాదు.

హిస్టెరిసిస్ వలయం ఈ కదలికల లెక్కే. క్షేత్రాన్ని పెంచుకుంటూ పోతే గోడలు జారి జారి, చివరికి ఇక కదలడానికి గోడలే లేక అయస్కాంతత్వం నిండుతుంది. క్షేత్రాన్ని సున్నాకు తెస్తే గోడలు వచ్చిన దారినే వెనక్కి పోవు. కొన్ని కొత్తచోట్ల చిక్కుకుంటాయి, కొన్నిచోట్ల ఎదురు డొమైన్ మొలవనే మొలవదు. అందువల్ల కొంత మిగులుతుంది, అదే రెమనెన్స్. క్షేత్రాన్ని ఎదురు దిక్కుకు తిప్పి పెంచితే ఒకచోట మొత్తం సున్నా అవుతుంది, ఆ క్షేత్రమే కోయెర్సివిటీ. 1880ల మొదట్లో టోక్యోలో పాఠాలు చెబుతున్న స్కాటిష్ ఇంజనీరు జేమ్స్ ఆల్‌ఫ్రెడ్ ఈవింగ్ ఈ వెనకబాటుకు హిస్టెరిసిస్ అని పేరు పెట్టాడు. వలయం చుట్టుకున్న వైశాల్యం ఎంతో, ఒక చుట్టులో ప్రతి ఘనమీటరు లోహం వేడిగా పారబోసే శక్తి అంత.

ఈ వైశాల్యం ఊళ్లో స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎంత ఖరీదు చేస్తుందో లెక్క వేద్దాం. వలయాన్ని సుమారుగా దీర్ఘచతురస్రం అనుకుంటే వైశాల్యం కోయెర్సివిటీకీ గరిష్ఠ అయస్కాంతత్వానికీ లబ్ధాన్ని నాలుగుతో హెచ్చించినంత. 8 ఆంపియర్లు, 1.7 టెస్లాలు, నాలుగు రెట్లు: ఘనమీటరుకు సుమారు 54 జౌళ్లు. ఘనమీటరు ఉక్కు 7,650 కిలోలు. సెకనుకు 50 చుట్లు. కిలోకు మూడో వంతు వాట్‌కు కాస్త ఎక్కువ తేలుతుంది. నిజానికి ఇలాంటి రేకులో మొత్తం నష్టం కిలోకు 1 వాట్ లెక్కలో ఉంటుంది. మిగతా భాగం రేకులో సుడులు తిరిగే ప్రవాహాలది. కోర్ బరువు 150 కిలోలనుకుంటే నష్టం 150 వాట్లు. ఇళ్లలో ఒక్క బల్బూ వెలగకపోయినా ఈ ఖర్చు రాత్రింబవళ్లు ఆగదు. ఏడాదికి 1,300 యూనిట్లు దాటుతుంది.

అదే కోర్‌ను నియోడిమియం అయస్కాంతంతో చేస్తే? దాన్ని అటూఇటూ పూర్తిగా తిప్పడానికే బ్రహ్మాండమైన కరెంటు కావాలి. ఎలాగో తిప్పామనుకున్నా, ఒక్క చుట్టులో కిలోకు 650 జౌళ్ల పైగా వేడి పుడుతుంది. సెకనుకు 70 డిగ్రీల చొప్పున వేడెక్కి, అయిదు సెకన్లలోపే తన అయస్కాంతత్వం పోయే 312 డిగ్రీలకు చేరుతుంది. మెత్తన, గట్టి అనే విభజన వాడకంలో ఎందుకు దాటరానిదో ఈ ఒక్క లెక్కలో తెలుస్తుంది.

మరి ఆ 8 ఆంపియర్లు ఎలా సాధించారు? మామూలు మెత్తని ఉక్కులో కోయెర్సివిటీ దీనికి పదింతలు పైగానే ఉంటుంది. ఇంగ్లండ్‌లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్, ఆయన సహచరులు 1900 ప్రాంతంలో ఇనుములో సిలికాన్ కలిపితే అయస్కాంత గుణం మెరుగవుతుందని చూపారు. సుమారు 3 శాతం సిలికాన్ విద్యుత్ నిరోధాన్ని నాలుగు రెట్లకు పైగా పెంచి సుడి ప్రవాహాలను అణుస్తుంది. అసలు మలుపు 1934లో అమెరికన్ నార్మన్ గాస్ పేటెంటుతో వచ్చింది. ఉక్కును చల్లగా రోలింగ్ చేసి, వేడి చేసి, మళ్లీ రోలింగ్ చేసి, చివరగా చాలా ఎక్కువ వేడిలో ఉంచితే, లక్షల కొద్దీ రేణువుల్లో ఒకే తీరుగా నిలిచిన కొన్ని రేణువులు మిగతావాటిని మింగేసి మిల్లీమీటర్ల నుంచి సెంటీమీటరు దాకా పెరుగుతాయి. వాటి ఇష్టమైన దిక్కు రోలింగ్ దిక్కుతో కలుస్తుంది. పరిశ్రమలో సీఆర్‌జీఓ అని పిలిచేది దీన్నే.

ఈ పద్ధతిలో నాకెంతో నచ్చిన అంశం ఒకటుంది. అనుకూలం కాని రేణువులు పెరగకుండా ఆపడానికి ఉక్కులో మాంగనీస్ సల్ఫైడ్ వంటి సన్నని రేణువులను కావాలనే పుట్టిస్తారు. కానీ అవే మిగిలిపోతే డొమైన్ గోడలకు ముళ్లవుతాయి. అందుకని పని అయిపోగానే 1,200 డిగ్రీల దగ్గర హైడ్రోజన్‌లో రోజుల తరబడి ఉంచి గంధకాన్నీ నత్రజనినీ బయటికి లాగేస్తారు. కావాల్సిన ముల్లును నాటి, పంట చేతికి రాగానే పీకేయడం దీని కిటుకు.

అడ్డంకులన్నీ తీసేస్తే పని పూర్తయినట్టేనా అంటే, కాదు. రేణువులు మరీ పెద్దవైనప్పుడు డొమైన్లూ వెడల్పవుతాయి, గోడల సంఖ్య తగ్గుతుంది. ఉన్న కొద్ది గోడలే సెకనుకు 50 చుట్లలో దూరం దూరం పరుగెత్తాలి. గోడ ఎంత వేగంగా కదిలితే దాని చుట్టూ సుడి ప్రవాహం అంత ఎక్కువ. హిస్టెరిసిస్ తగ్గినా మొత్తం నష్టం తగ్గదు. దీనికి విరుగుడుగా రేకు మీద కొన్ని మిల్లీమీటర్లకొకటి చొప్పున అడ్డంగా లేజర్ గీతలు గీస్తారు. ఆ గీతల దగ్గరి ఒత్తిడికి వెడల్పు డొమైన్లు చీలి సన్నబడతాయి, నష్టం పదోవంతు దాకా తగ్గుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ రేకును ఎంచుకునేటప్పుడు కోయెర్సివిటీ ఒక్కటే చూడడం ఎందుకు చాలదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇంత శ్రమతో తెచ్చిన గుణం చాలా తేలిగ్గా పాడవుతుంది. రేకు వంగినా, సుత్తి దెబ్బ తిన్నా, మొద్దు కత్తెరతో కోసినా లోహంలో మిగిలే ఒత్తిడి గోడలను పట్టేస్తుంది. రోలింగ్ దిక్కుకు అడ్డంగా అయస్కాంతీకరిస్తే గాస్ పడ్డ కష్టమంతా వృథా, అందుకే మంచి కోర్ మూలల్లో రేకులను 45 డిగ్రీల వాలుగా కోసి కలుపుతారు. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌కు కొత్త వైండింగ్ వేసే షెడ్డులో, ఊడదీసిన ప్లేట్లను గుట్టగా పారేసి, తిరిగి పేర్చేటప్పుడు సుత్తితో కొట్టి కొట్టి సర్దితే నష్టం పెరుగుతుంది. పైకి చూస్తే ఏమీ కనిపించదు. నో-లోడ్ పరీక్ష పెట్టి, అవతల ఏ లోడూ లేకుండా పూర్తి వోల్టేజీ ఇచ్చి, తాగే వాట్లనూ కరెంటునూ పాత రీడింగులతో పోల్చితే బయటపడుతుంది. నో-లోడ్ కరెంటు బాగా పెరిగిందంటే మూలల్లో సందులు మిగిలాయని అనుమానించాలి. వాట్లు పెరిగాయంటే ప్లేట్లకు దెబ్బలు తగిలి ఉండాలి, లేదా వాటి మీది ఇన్సులేషన్ పూత పోయి ఉండాలి. 800 డిగ్రీల దగ్గర వేడి చేసి మెల్లగా చల్లారిస్తే ఒత్తిడి తాలూకు నష్టం చాలా వరకు పోతుంది. కానీ చిన్న షెడ్డుల్లో అంత కొలిమి ఉండదు.

మెత్తని పదార్థంలో రెమనెన్స్ ఎక్కువగా ఉండడం ఉత్త పాఠ్యాంశం కాదు, నిత్యం ఎదురయ్యే చిక్కు. ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆపినప్పుడు కోర్‌లో 1.2 టెస్లాలు మిగిలిపోయిందనుకోండి. మళ్లీ చార్జ్ చేసే క్షణంలో వోల్టేజీ సున్నా దగ్గర ఉంటే, మొదటి అరచుట్టులో అయస్కాంతత్వం 1.7కు రెట్టింపు, అంటే 3.4 టెస్లాలు పెరగాలి. మిగులూ అదే దిక్కున ఉంటే చేరాల్సింది 4.6. ఉక్కు 2 టెస్లాలకే నిండిపోతుంది. ఇక వైండింగ్‌ను ఆపేవారు లేరు, పూర్తి లోడు కరెంటుకు ఎనిమిది, పది రెట్ల దాకా కరెంటు దూకి, కాసేపటికి తగ్గుతుంది. లోపల షార్ట్ అయిందనుకుని రిలే ట్రిప్ కొట్టేయకుండా, ఆ కరెంటులోని రెండో హార్మోనిక్‌ను చూసి గుర్తుపట్టే ఏర్పాటు పెడతారు.

సబ్‌స్టేషన్లలో కరెంటును కొలిచే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లకు ఇది ఇంకా ప్రమాదం. ఒక ఫాల్ట్ తర్వాత కోర్‌లో మిగులు ఉండిపోతే, వెంటనే వచ్చే రెండో ఫాల్ట్‌కు కోర్ నిండిపోయి రిలేకు తప్పుడు కొలత పంపుతుంది. దీనికి మందు ఉక్కును మార్చడం కాదు. కోర్‌లో సన్నని గాలి సందు వదులుతారు. అలాంటి టీపీవై రకం కోర్లలో మిగులు నిండు విలువలో పదిశాతం దాటకూడదని ప్రమాణం ఉంది. గమనించాల్సిందేమంటే, సందు పెట్టినంత మాత్రాన కోయెర్సివిటీ మారదు. వలయం పక్కకు వాలిపోయి, మిగులు మాత్రం కరిగిపోతుంది. అంటే రెమనెన్స్ ఉక్కు గుణమే అయినా, అది చేతిలో ఎంత నిలుస్తుందో నిర్ణయించేది ఆకారం.

మిగులు ఎక్కువున్నా ఊడదీసిన రేకు మేకును ఎందుకు పట్టుకోదన్న మొదటి చిక్కుకు జవాబూ ఇక్కడే ఉంది. అయస్కాంతపు కొసలు గాలిలోకి తెరుచుకుంటే, ఆ కొసల ధ్రువాలే లోహం లోపల ఎదురు క్షేత్రాన్ని పుట్టిస్తాయి. దాని బలం ఆకారాన్ని బట్టి ఉంటుంది. పొడవుకు మందం నూరో వంతు ఉన్న కడ్డీలో అది అయస్కాంతీకరణలో రెండున్నర వేల వంతు మాత్రమే. కానీ 1.6 టెస్లాల ఇనుముకు ఆ కొద్దిపాటి భాగమే మీటరుకు 500 ఆంపియర్లు దాటుతుంది. ఉక్కు తట్టుకోగలిగింది 8. అంత సన్నని కడ్డీ కూడా తన ఎదురు క్షేత్రాన్ని తానే తట్టుకోలేక మిగులును పోగొట్టుకుంటుంది. ఇక ఎత్తూ వెడల్పూ దగ్గరగా ఉన్న పొట్టి ముక్కలో ఎదురు క్షేత్రం అయస్కాంతీకరణలో మూడో వంతు. నియోడిమియం ముక్కలో అది మీటరుకు మూడున్నర లక్షల ఆంపియర్ల దాకా పోతుంది. దాని కోయెర్సివిటీ 9 లక్షల పైన కాబట్టి చెక్కుచెదరదు.

పాత అయస్కాంతాల రూపాలు ఎందుకు అలా ఉండేవో కూడా దీనితో తేలిపోతుంది. 1931లో టొకుషిచి మిషిమా కనిపెట్టిన ఉక్కు నుంచి ఎదిగిన అల్నికో మిశ్రమాలకు రెమనెన్స్ నియోడిమియంతో సమానంగానే ఉంటుంది. కోయెర్సివిటీ మాత్రం మీటరుకు 50 వేల ఆంపియర్ల లెక్కలోదే. అందుకే వాటిని పొడుగు కడ్డీలుగానో గుర్రపునాడాలుగానో చేయాల్సి వచ్చేది. ప్రయోగశాలలో నాడా కొసల మధ్య మెత్తని ఇనుప బద్ద పెట్టి దాచేది అందుకే. బద్ద పెడితే చట్రం మూసుకుంటుంది, ఎదురు క్షేత్రం పోతుంది. కోయెర్సివిటీ పెరిగాకే బొత్తాం అంత అయస్కాంతాలు, సన్నని ఫోన్ స్పీకర్లు, చక్రం లోపలే ఇమిడిపోయే మోటార్లు సాధ్యమయ్యాయి. మామూలు స్పీకర్లలోని నల్లటి ఫెర్రైట్ రింగుకు మిగులు 0.4 టెస్లాలే. అయినా మొండితనం, చవకధర రెండూ దాన్ని నిలబెట్టాయి.

గట్టి అయస్కాంతం తయారీ ఉక్కు రేకు తయారీకి సరిగ్గా తలకిందులు. రేకులో గోడలను స్వేచ్ఛగా వదలాలి, ఇక్కడ గోడలను పుట్టనివ్వకూడదు, పుట్టినా కదలనివ్వకూడదు. సమేరియం, కోబాల్ట్ అయస్కాంతాల్లో ఒక రకం రెండో దారి పట్టింది. దాని లోపల సుమారు 100 నానోమీటర్ల గదులుంటాయి, గదుల చుట్టూ వేరే కూర్పు గల పలుచని పొర ఉంటుంది, గోడలు ఆ పొరలో ఇరుక్కుపోతాయి. నియోడిమియం అయస్కాంతాలది మొదటి దారి. జపాన్‌లో మసాటో సగావా, అమెరికాలో జాన్ క్రోట్ విడివిడిగా 1980ల మొదట్లో వీటిని సాధించారు. కొన్ని మైక్రాన్ల రేణువులను పొడి చేసి, బలమైన క్షేత్రంలో ఒకే దిక్కుకు నిలబెట్టి, అచ్చులో నొక్కి వేడి చేయడం సగావా పద్ధతి. నియోడిమియం ఎక్కువగా ఉండే పలుచని పొర కరిగి ఒక్కో రేణువును పక్కదాని నుంచి వేరు చేస్తుంది. ఒక రేణువులో ఎదురు డొమైన్ మొలిచినా పక్క రేణువుకు పాకకుండా ఆ పొర ఆపుతుంది.

దీని బలహీనత వేడి. కోయెర్సివిటీ ప్రతి డిగ్రీకీ సుమారు 0.6 శాతం చొప్పున పడిపోతుంది. మామూలు రకం ముక్కకు 20 డిగ్రీల దగ్గర 9.5 లక్షలుంటే, 150 డిగ్రీల మోటారులో 2 లక్షల దరిదాపుకు వస్తుంది. పొట్టి ముక్క ఎదురు క్షేత్రం మూడున్నర లక్షలని చూశాం. మోటారు వైండింగ్ నుంచి వచ్చే ఎదురు క్షేత్రం దీనికి అదనం. అయస్కాంతం సగం చచ్చిపోతుంది, చల్లారినా తిరిగి రాదు. మోటారు తిరుగుతూనే ఉంటుంది గానీ అదే కరెంటుకు తక్కువ బలం ఇస్తుంది. లోడు లేకుండా ఒకే వేగంతో తిప్పి కొసల్లో పుట్టే వోల్టేజీ కొలిస్తే, తగ్గిన శాతమే పోయిన అయస్కాంతత్వం.

అందుకే కార్ల మోటార్లలోని అయస్కాంతాల్లో కొంత డిస్ప్రోషియం కలుపుతారు. అది స్ఫటికం పట్టును పెంచి కోయెర్సివిటీని మీటరుకు 20 లక్షల దాకా తెస్తుంది. కానీ దాని పరమాణువులు ఇనుముకు ఎదురు దిక్కున నిలుస్తాయి కాబట్టి మిగులు తగ్గుతుంది. పైగా అది అరుదు. 2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతుల మీద నియంత్రణ పెట్టిన లోహాల్లో డిస్ప్రోషియం, టెర్బియం, సమేరియం ఉన్నాయి. వేడికి బాగా నిలిచే సమేరియం కోబాల్ట్ అయస్కాంతాల కోసం విశాఖపట్నంలో ఐఆర్ఈఎల్ కట్టిన కర్మాగారం 2023లో జాతికి అంకితమైంది. దాని సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలు. స్కూటర్ల అవసరానికి అది ఏమూలకూ రాదు, రక్షణ, అంతరిక్ష అవసరాలకే అది ఉద్దేశించింది.

ఇంత జరిగినా ఒక పెద్ద లోటు తీరలేదు. ఆ స్ఫటికం పట్టును బట్టి లెక్క వేస్తే నియోడిమియం అయస్కాంతం కోయెర్సివిటీ మీటరుకు 60 లక్షల ఆంపియర్ల దాకా రావాలి. డిస్ప్రోషియం కలపని మామూలు ముక్కలో వచ్చేది అందులో ఆరో వంతు. విలియం ఫుల్లర్ బ్రౌన్ 1940ల్లో ఎత్తిచూపిన ఈ వ్యత్యాసం ఆయన పేరుతోనే వైరుధ్యంగా మిగిలింది. కారణం రేణువు నడుమ లేదు, దాని చర్మంలో ఉంది. అంచున కొద్ది పరమాణువుల వరసలు చెదిరినా చాలు, ఎదురు డొమైన్ అక్కడ మొలుస్తుంది, మొలిచిన గోడ క్షణంలో రేణువంతా దాటేస్తుంది. ఇప్పటి పనంతా ఆ చర్మం మీదే సాగుతోంది. రేణువులను ఒక మైక్రాన్ దగ్గరికి కుదించడం ఒక దారి. అయితే అంత సన్నని పొడి గాలి తగిలితే అంటుకుంటుంది, తయారీ అంతా జడవాయువులోనే జరగాలి. తయారైన ముక్క పైన డిస్ప్రోషియం లేదా టెర్బియం పూసి, 900 డిగ్రీల దగ్గర రేణువుల సరిహద్దుల వెంట లోపలికి ఇంకించడం ఇంకో దారి. అప్పుడు ఆ అరుదైన లోహం రేణువు అంచుకే చేరుతుంది, నడిమి భాగం మిగులు దాదాపుగా తగ్గదు. కాకపోతే అలా ఇంకేది కొన్ని మిల్లీమీటర్ల లోతు వరకే. మందమైన ముక్కలకు ఆ పద్ధతి ఇంకా అందలేదు.